స్వాప్ బ్యాటరీనా, ఇంట్లో చార్జింగా? కిలోమీటరుకు అసలు ఎంత పడుతోంది

బరంపురం రైడర్

అందరికీ నమస్తే. నేను బరంపురంలో ఫుడ్ డెలివరీ చేస్తాను. పొద్దున పదకొండుకి మొదలెడితే రాత్రి పదకొండు దాకా తిరుగుడే. సగటున రోజుకు 90 కిలోమీటర్లు, నెలలో 26 రోజులు. పెట్రోలు బండి ముసలిదైపోయింది, లీటరుకు 45 కూడా రావడం లేదు. ఎలక్ట్రిక్ తీసుకుందామని వెళ్తే ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు. షోరూమ్ అబ్బాయి "ఇంట్లో చార్జింగ్ పెట్టుకో అన్నా, కిలోమీటరుకు 20 పైసలు" అన్నాడు. కొత్త బస్టాండు దగ్గర బ్యాటరీలు మార్చే పాయింటు ఒకటి పెట్టారు, అక్కడి ఏజెంటేమో "మా దగ్గర 1 రూపాయి 20 పైసలు పడుతుంది, కానీ బ్యాటరీ గొడవ నీకుండదు" అన్నాడు. 20 పైసలెక్కడ, 120 పైసలెక్కడ? ఇంత తేడా ఉంటే స్వాప్ పాయింటుకి ఎవరైనా ఎందుకెళ్తారు? ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారా?

రాయగడ టీచరమ్మ

షోరూమ్ అబ్బాయి అబద్ధం చెప్పలేదండీ. నేను రాయగడ నుంచి బడికి రోజూ స్కూటర్ మీదే వెళ్తాను, రానూ పోనూ 22 కిలోమీటర్లు. ప్లగ్గుకి సాకెట్టుకి మధ్య పెట్టే చిన్న మీటరు ఒకటి కొని, ఒక నెలంతా రాసుకున్నాను. 552 కిలోమీటర్లు తిరిగితే 19.3 యూనిట్లు కాలింది. అంటే యూనిట్‌కి 28, 29 కిలోమీటర్లు. మా ఇంటి బిల్లులో ఆ యూనిట్లు పడే శ్లాబు, డ్యూటీతో కలిపి ఆరు రూపాయల లోపే. లెక్కేస్తే 20, 21 పైసలు వచ్చింది. యాప్‌లో మాత్రం యూనిట్‌కి 33 కిలోమీటర్లని చూపిస్తుంది, అది నమ్మకండి. బ్యాటరీలోంచి బయటికి వెళ్ళిందే యాప్ లెక్కపెడుతుంది. చార్జరు వేడెక్కి పోగొట్టినది మన బిల్లులో పడుతుంది గానీ యాప్‌లో పడదు.

లెక్క తప్పదు

అంతే బ్రదర్, ఇంకా ఆలోచనెందుకు. 20 పైసలు ఒకవైపు, 120 ఒకవైపు. నెలకి నీ తిరుగుడు 2,340 కిలోమీటర్లు, కిలోమీటరుకి రూపాయి మిగిలితే నెలకి 2,340 జేబులో పడ్డట్టే. స్వాప్ అనేది ఇంట్లో ప్లగ్ లేనివాళ్ళకి.

సెల్ డాక్టర్, జయపురం

తమ్ముడూ, ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, ఇద్దరూ సగమే చెప్పారు. షోరూమ్ వాడు చెప్పింది కరెంటు ఖర్చు మాత్రమే. స్వాప్ వాడు చెప్పిన దాంట్లో కరెంటుతో పాటు బ్యాటరీ అద్దె కూడా ఉంది. ఒకడు ఉత్త బియ్యం ధర చెప్పాడు, ఇంకొకడు వడ్డించిన భోజనం ధర చెప్పాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే ఎలా కుదురుతుంది?

నేను అయిదేళ్ళు విశాఖలో ఒక డెలివరీ కంపెనీ బళ్ళ బ్యాటరీలు చూశాను, ఇప్పుడు జయపురంలో సొంత షాపు. నీ కేసు వరకే లెక్క వేద్దాం. ఇంటి చార్జింగ్ బండి అంటే 3 యూనిట్ల బ్యాటరీ అనుకో. డెలివరీలో ఆగుతూ కదులుతూ నడిపితే, కొత్తలో ఒక ఫుల్ చార్జికి 100 కిలోమీటర్లు వస్తుంది. ఆ బ్యాటరీ పోయాక కొత్తది వేయించాలంటే ఇప్పుడున్న రేట్లలో 50,000 దగ్గర పెట్టుకో, బ్రాండుని బట్టి కాస్త అటూ ఇటూ. ఎక్కువ స్కూటర్లలో వాడే రకం సెల్స్ 800 ఫుల్ చార్జీలు అయ్యేసరికి దాని పట్టు ఎనభై శాతానికి దిగుతుంది. మొదట్లో 100, చివర్లో 80, సగటు 90 వేసుకుంటే 800 చార్జీలకి 72,000 కిలోమీటర్లు. 50,000ని 72,000తో భాగించు, కిలోమీటరుకి 69 పైసలు. నీ కరెంటు కంటే నీ బ్యాటరీ అరుగుదలే మూడు రెట్లకు పైన ఖర్చు. బిల్లు రాదు కాబట్టి కనబడదు.

లెక్క తప్పదు

సార్ ఒక్క మాట. బ్యాటరీకి ఎనిమిదేళ్ళ వారంటీ ఇస్తున్నారు కదా చాలామంది. వారంటీ ఉండగా బ్యాటరీ ఖర్చు ఎందుకు కలపాలి? పోతే వాళ్ళే మారుస్తారు.

సెల్ డాక్టర్, జయపురం

టీచరమ్మగారి లాంటి వాళ్ళకి మీ మాట చాలావరకు నిజం. ఈ తమ్ముడికి కాదు. వారంటీ కాగితం మీద సంవత్సరాల పక్కనే కిలోమీటర్లు కూడా రాసి ఉంటాయి, ఏది ముందొస్తే అది. ఈయన ఏడాదికి 28,000 తిరుగుతాడు. ఎనిమిదేళ్ళ వారంటీ ఈయనకి రెండు మూడేళ్ళలో అయిపోతుంది. ఇంకోటి, అదే కాగితంలో "వాణిజ్య వాడకం" అనే మాట ఉందేమో వెతకాలి. డెలివరీకి వాడితే వారంటీ వర్తించదని, లేకపోతే తక్కువ కాలమే వర్తిస్తుందని కొన్ని చోట్ల ఉంటుంది. షోరూమ్‌లో సంతకం పెట్టేటప్పుడు ఎవరూ చదవరు, నా దగ్గరికి బండి తెచ్చాక చదువుతారు.

రాయగడ టీచరమ్మ

అయితే నా లెక్క కూడా తప్పేనా? నేను ఏడాదికి 6,600 తిరుగుతాను. 72,000 అవ్వాలంటే పదకొండేళ్ళు పడుతుంది.

సెల్ డాక్టర్, జయపురం

అమ్మా, మీ విషయం తమాషాగా ఉంటుంది. బ్యాటరీ తిరిగినా అరుగుతుంది, తిరగకపోయినా అరుగుతుంది. ఎండలో నిలబెట్టినా, ఎప్పుడూ వంద శాతం నింపి ఉంచినా ఇంకా తొందరగా. మీకు పదకొండేళ్ళు వస్తుందని నేను చెప్పలేను, ఎనిమిది అనుకుందాం. ఎనిమిదేళ్ళలో మీరు 53,000 కిలోమీటర్ల దగ్గర ఉంటారు, అప్పుడు మీకు కిలోమీటరుకి బ్యాటరీ ఖర్చు 95 పైసలు. అంటే తక్కువ తిరిగే మీకే కిలోమీటరు లెక్కలో బ్యాటరీ ఖరీదెక్కువ! అయినా మీకు స్వాప్ వద్దు. స్వాప్ ప్లాన్లలో నెలకి ఇంత అని కట్టాల్సిన భాగం ఉంటుంది, 552 కిలోమీటర్లకి ఆ డబ్బు కడితే ఇంకా దారుణం.

గుణుపురం కుర్రాడు

అన్నలూ నాది కూడా స్వాప్ బ్యాటరీయే, సీటు కింద నుంచి తీసి మేడ మీదకి మోసుకెళ్ళి చార్జింగ్ పెడతాను. 11 కేజీలుంటుంది, మెట్లెక్కేసరికి నడుం పడిపోతోంది. దీనికి కిలోమీటరుకి ఎంతవుతుంది?

రాయగడ టీచరమ్మ

బాబూ అది ఊడదీసే బ్యాటరీ, స్వాప్ కాదు. బ్యాటరీ నీ సొంతం కాబట్టి నీది ఇంటి చార్జింగ్ లెక్కే. ఇక్కడ మాట్లాడేది పాయింటుకెళ్ళి ఖాళీది ఇచ్చి, వేరేవాళ్ళు నింపి పెట్టినది తెచ్చుకునే పద్ధతి గురించి. మెట్ల సంగతికి మాత్రం నా దగ్గర మందు లేదు.

బరంపురం రైడర్

సెల్ డాక్టర్ అన్నా, ఇంటి లెక్క 20 ప్లస్ 69, 89 పైసలు అనుకుంటున్నాను. అయినా స్వాప్ 1.20 కంటే తక్కువే కదా. స్వాప్ ప్లాన్ కాగితం ఇప్పుడు నా దగ్గరుంది. నెలకి 2,900, ప్లస్ జీఎస్టీ. దానికి 75 యూనిట్ల దాకా వాడుకోవచ్చు, దాటితే యూనిట్‌కి వేరే. 75 యూనిట్లంటే 2,500 కిలోమీటర్లు అని ఏజెంటు రాసిచ్చాడు.

సెల్ డాక్టర్, జయపురం

మంచిది, కాగితం ఉంటే మాటలక్కర్లేదు. 2,900ని 2,500తో భాగిస్తే 1.16, దాన్నే 1.20 అని చెప్పాడు. ఇందులో రెండు చోట్ల జారుడు ఉంది.

ఒకటి జీఎస్టీ. ఇంటి కరెంటు మీద జీఎస్టీ లేదు, స్వాప్ సేవ మీద 18 శాతం ఉంది. నీ చేతిలోంచి వెళ్ళేది 3,422.

రెండోది, ఆ 2,500లో నీకు డబ్బు తెచ్చే కిలోమీటర్లు ఎన్ని? స్వాప్ బండిలో పెట్టే రెండు బ్యాటరీ ప్యాకులూ కలిపి 3 యూనిట్లే అనుకుందాం. పాయింటులో ఎప్పుడూ నూరు శాతం ఉన్నది చేతికి రాదు, రద్దీగా ఉంటే తొంభై దగ్గరున్నది ఇస్తారు. నువ్వూ సున్నా దాకా లాగవు, ఇరవై దగ్గర భయం పట్టుకుని వెళ్తావు. మధ్యలో మిగిలేది డెబ్బై శాతమే, అంటే 70 కిలోమీటర్లు. రెండు రోజులకి మూడు సార్లయినా పాయింటుకి వెళ్ళాలి. ఒక్కోసారి రానూ పోనూ 4 కిలోమీటర్లు పక్కకి తిరిగితే రోజుకి సగటున 6, నెలకి 156 కిలోమీటర్లు. అవి కూడా నీ 75 యూనిట్లలోంచే పోతాయి. చూడు, 2,340కి 156 కలిపితే 2,496. ప్లాన్ సరిగ్గా అక్కడికి అయిపోయింది. 3,422ని 2,340తో భాగించు. 1 రూపాయి 46 పైసలు. నీ అసలు స్వాప్ ఖర్చు ఇది.

పైగా ఇది నెలంతా పనిచేస్తేనే. జ్వరం వచ్చో, తుపాను వచ్చో ఆరు రోజులు ఇంట్లో కూర్చుంటే 1,800 కిలోమీటర్లకి అదే 3,422, అప్పుడు 1.90. అక్టోబరులో గంజాం వైపు గాలివాన సంగతి నీకు చెప్పక్కర్లేదు.

లెక్క తప్పదు

చూశారా, నేను మొదటి నుంచీ అదే చెబుతున్నాను.

సెల్ డాక్టర్, జయపురం

మీరు చెప్పింది 20 పైసలు మాస్టారూ, మనం 89 దగ్గరున్నాం. ఇంకా పైకి వెళ్తుంది కూడా. బ్యాటరీ సొంతానికి తీసుకుంటే ఆ 50,000 బండి ధరలో కలిసి వస్తుంది, తమ్ముడు అప్పు మీదే తీసుకుంటాడు. 15 శాతం వడ్డీకి ముప్పై నెలలు వేస్తే కిస్తీ 2,009, మొత్తం కట్టేది 60,270 దాకా. వడ్డీ భాగం 10,270ని 72,000 కిలోమీటర్లకి పంచితే ఇంకో 14 పైసలు. 89కి 14 కలిపితే 1 రూపాయి 3 పైసలు. స్వాప్ 1.46. తేడా 43 పైసలు, నెలకి వెయ్యి రూపాయలు. ఆరు రెట్లు అనుకున్నది ఒకటిన్నర రెట్లు కూడా లేదు.

బల్లార్షా బాబాయ్

నాది బల్లార్షా, చంద్రపూర్ జిల్లా. మీ ఒడిశా కరెంటు చూసి కుళ్ళుకుంటున్నాను. ఇక్కడ వంద యూనిట్లు దాటితే రేటు ఒక్కసారిగా రెట్టింపు దాకా పోతుంది. దాని మీద వీలింగ్ చార్జీ అని వేరే, ఇదంతా కలిపిన దాని మీద 16 శాతం డ్యూటీ. మా ఇంట్లో ఫ్యాన్లకీ ఫ్రిజ్‌కే వంద అయిపోతుంది కాబట్టి బండికి పెట్టే ప్రతి యూనిట్ నాకు 13 రూపాయల దగ్గర పడుతోంది. కిలోమీటరుకి 45 పైసలు! ఇక్కడి షోరూమ్ వాళ్ళు కూడా అదే 20 పైసలు చెబుతారు, ఎక్కడ నేర్చుకున్నారో మరి.

సెల్ డాక్టర్, జయపురం

బాబాయ్ మీరు చెప్పింది ముఖ్యం. మీ దగ్గర ఇదే బండి, ఇదే తిరుగుడు అయితే 1.28 అవుతుంది. స్వాప్‌తో తేడా 20 పైసల లోపే. సగటు యూనిట్ ధర తీసి లెక్కేస్తే ఇది బయటపడదు. బండి యూనిట్లు ఎప్పుడూ ఇంటి వాడకం పైన పడతాయి, అంటే మీ బిల్లులో చివరి శ్లాబు రేటే బండి రేటు.

బరంపురం రైడర్

ఇక్కడ నేను చెప్పని విషయం ఒకటుంది. నాది అద్దె ఇల్లు. ఇంటాయన సబ్ మీటరు పెట్టి యూనిట్‌కి 9 రూపాయలు తీసుకుంటాడు.

రాయగడ టీచరమ్మ

అదేదో ముందే చెప్పాల్సింది కదండీ! 9ని 29తో భాగిస్తే 31 పైసలు.

సెల్ డాక్టర్, జయపురం

11 పైసలు పెరిగింది, 1.14 అనుకో. తేడా నెలకి 750కి దిగింది. కానీ తమ్ముడూ, నిన్ను ముంచేది ఈ పైసలు కావు. నీ రోజు 90 కిలోమీటర్లు, కొత్త బ్యాటరీ ఫుల్ చార్జికి 100. ఏడాది తిరిగేసరికి ఆ 100 కాస్తా 90 దగ్గరికి వస్తుంది. అప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకి, ఆర్డర్లు బాగా పడే టైములో, బండి ముక్కుతుంది. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా నువ్వేం చేస్తావు?

బరంపురం రైడర్

మూడు తర్వాత ఆర్డర్లు పెద్దగా ఉండవు. గేట్ బజారు దగ్గర చెట్టు కింద నలుగురం కూర్చుని ఫోను చూసుకుంటాం. ఒక్కోసారి ఇంటికెళ్ళి తిని పడుకుంటాను.

సెల్ డాక్టర్, జయపురం

అయితే నీకు ఇంటి చార్జింగ్ కుదురుతుంది. మామూలు చార్జరుతో రెండు గంటలు పెడితే 40, 45 కిలోమీటర్లు ఎక్కుతుంది, రాత్రికి చాలు. ఎండలో తిరిగి రాగానే ప్లగ్ పెట్టకు, అరగంట నీడలో ఉంచి పెట్టు. వేడి మీద చార్జింగ్ పెడితే నేను చెప్పిన 800 రాదు.

ఆ మూడు గంటలు ఖాళీ లేనివాళ్ళ లెక్క వేరు. విశాఖలో మా రైడర్లలో సరుకుల డెలివరీ వాళ్ళకి మధ్యాహ్నం కూడా పని ఉండేది. రెండు గంటలు ప్లగ్గు దగ్గర కూర్చుంటే రోజుకి వంద రూపాయల ఆర్డర్లు పోయినా నెలకి 2,600. మనం తేల్చిన తేడా 750 ఎక్కడ, అది ఎక్కడ. వాళ్ళకి స్వాపే చవక, పైసల్లో ఖరీదైనా సరే.

లెక్క తప్పదు

ఒక సందేహం. 72,000 అయ్యాక బ్యాటరీ చెత్తలో పడేయరు కదా. ఎనభై శాతం పనిచేస్తూనే ఉంటుంది. దాన్ని ఇంకో 20,000 నడిపితే మీ 69 పైసలు తగ్గుతుంది.

సెల్ డాక్టర్, జయపురం

ఇది సరైన ప్రశ్న. ఇంకో 20,000 నిజంగా వస్తే 54 పైసలకి దిగుతుంది. వస్తుందా అంటే, నేను చూసిన ప్యాకుల్లో కొన్ని 80 దగ్గర నుంచి నెమ్మదిగానే దిగాయి, కొన్నింట్లో ఒక వరస సెల్స్ పోయి రెండు నెలల్లో కూలబడ్డాయి. ఏది ఎటు పోతుందో ముందే చెప్పలేను. అందుకే లెక్కలో పెట్టలేదు. మీరు పెట్టుకుంటే పెట్టుకోండి.

బల్లార్షా బాబాయ్

స్వాప్ వాళ్ళు ముసలి బ్యాటరీలు అంటగడతారని విన్నాను. అది నిజమేనా?

సెల్ డాక్టర్, జయపురం

కావాలని చేస్తారని అనను గానీ, వందల ప్యాకులు తిరుగుతుంటే కొన్ని నీరసంగానే ఉంటాయి. తెర మీద 95 అనే చూపిస్తుంది, ఎందుకంటే ఆ శాతం దానికి మిగిలిన పట్టులో శాతం. కనిపెట్టడం తేలిక. ప్యాకులు పెట్టగానే కిలోమీటరు రీడింగ్ చూసుకుని, పది శాతం దిగేసరికి ఎంత వచ్చిందో చూడాలి. మన లెక్కలో 10 కిలోమీటర్లు రావాలి. 7 దగ్గరే దిగిందంటే అది నీరసం ప్యాకు.

దాని నష్టం ఎవరిదనేది ప్లాన్‌ని బట్టి ఉంటుంది. తమ్ముడిది యూనిట్ల ప్లాన్, కాబట్టి నీరసం ప్యాకు వస్తే ఎక్కువసార్లు పాయింటుకి తిరగాలి, అంతే. అదే మార్పిడికి ఇంత అని తీసుకునే ప్లాన్ అయితే ఏడు కిలోమీటర్లకి పది కిలోమీటర్ల డబ్బు కట్టినట్టు.

బరంపురం రైడర్

అన్నా, నిన్న ఇంటాయనతో మాట్లాడాను. బండి చార్జింగ్ అనగానే మెట్ల కింద వద్దన్నాడు, మంటలు లేస్తాయని ఎక్కడో వీడియో చూశాడట. గేటు పక్కన బయట పెట్టుకుంటే సరే, వైరు ఖర్చు నీదే, యూనిట్‌కి మాత్రం 11 ఇమ్మన్నాడు.

సెల్ డాక్టర్, జయపురం

11 అయితే 38 పైసలు, మొత్తం 1.21. స్వాప్‌కి ఇంకా 25 పైసలు కిందే ఉన్నావు, నెలకి 585. వైరు సన్నది వేయించకు, మీటరు దగ్గర నుంచి నేరుగా 16 ఆంప్ సాకెట్టు, ఎర్తు తప్పనిసరి, పైన వాన పడకుండా చిన్న డబ్బా. మామూలు పవర్ ప్లగ్గుకి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలిస్తే గేటు దగ్గర నల్లబడేది బ్యాటరీ కాదు, ఆ బాక్సు. ఇంటాయన చూసిన వీడియో ఏమిటో నాకు తెలియదు గానీ, నేను కళ్ళారా చూసిన కాలుడంతా అక్కడే.

రాయగడ టీచరమ్మ

585 కోసం అయిదారు వేలు వైరుకి పెట్టి, రేపు ఇంటాయన ఖాళీ చేయమంటే? పది నెలలు ఉంటే గానీ ఆ డబ్బు రాదు. నేనైతే ముందు రెండు నెలలు స్వాప్ బండి అద్దెకి నడిపి చూస్తాను.

బరంపురం రైడర్

మేడమ్ చెప్పింది కూడా ఆలోచించాల్సిందే. మా అక్కావాళ్ళ ఇల్లు లంజిపల్లిలో సొంతది, మధ్యాహ్నం అక్కడ పెట్టుకోవచ్చేమో బావని అడగాలి. ఆయన డబ్బులు తీసుకోడు, అదే ఇబ్బంది.

గుణుపురం కుర్రాడు

అన్నా మరి 11 కేజీలు మెట్లెక్కించడానికి ఏదైనా సంచి లాంటిది దొరుకుతుందా?